జుట్టు అంచున వేసిన ఎండ

రెండువేల మూడో, నాలుగో అయి ఉంటుంది. అప్పట్లో నేను రాజమండ్రిలో ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో కూర్చుని కంప్యూటర్ మీద మిక్సింగ్ పని చేసేవాణ్ణి. మిక్సింగ్ అంటే ఇక్కడ తీసిన మనిషిని కత్తిరించి ఇంకెక్కడో నిలబెట్టడం. ధవళేశ్వరం దాటి ఎరగని పెద్దాయన్ని మంచుకొండల ముందు నిలబెట్టిన చేతులివి.

బాక్‌డ్రాపుల సీడీ ఒకటి ఉండేది మా దగ్గర. అందులో అందరూ మోజుపడేది గోదావరి మీద పొద్దుగుంకే బొమ్మ. ఎడమవైపు సూర్యుడు, వెనక వంతెన, నీళ్ళ నిండా నారింజ రంగు. ఆ సీడీ విజయవాడలో కొన్నది. అడిగిన వాళ్ళకి మాత్రం ఆ బొమ్మ నేనే తీశానని చెప్పేవాణ్ణి. పీకల్లోతు నీళ్ళలో మూడు గంటలు నిలబడ్డాననీ, అంతసేపూ కదలకుండా ఉన్నందుకు ఒక పులస నా లుంగీలో కాపురం పెట్టిందనీ, ఫోటోతోపాటు దాన్నీ ఇంటికి తెచ్చుకున్నాననీ చెప్పేవాణ్ణి. ఒకాయన మాత్రం, "పులస వరదల్లో కదండీ వచ్చేది, నీళ్ళు ఎర్రగా ఉండాలిగా?" అన్నాడు. "ఆ ఎరుపు కంప్యూటర్లో కడిగేశానండి" అన్నాను. నమ్మాడు.

ఒక సోమవారం నిడదవోలు దగ్గరి పల్లె నుంచి తల్లీకొడుకులు వచ్చారు. కొడుక్కి ముప్పై ఒకటి. ఊళ్ళో ఆరెకరాల సాగు, రోడ్డు మీద మోటార్లకి తీగ చుట్టే షాపు. మనిషి చూడ్డానికి బాగున్నాడు, మొహంలో ఒక్క ముడత లేదు. జుట్టు మాత్రం బాలనెరుపు. అక్కడక్కడా నెరవడం కాదు, తల మొత్తం పత్తికాయ పగిలినట్టు తెలుపు.

"మూడు సంబంధాలు తప్పిపోయాయి బాబూ, ఈ తలకాయ వల్ల" అంది తల్లి, కొడుకు అక్కడ లేనట్టే. "ఒకళ్ళైతే రెండో పెళ్ళా అని అడిగారు. ఇప్పుడు జంగారెడ్డిగూడెం సంబంధం వచ్చింది. మధ్యవర్తి శుక్రవారం వెళ్తాడు, ఫోటో కావాలన్నాడు. జుట్టు నల్లగా చేసి, ఆ గోదారి ముందు నిలబెట్టు."

"రంగు వేయించుకుని వస్తే సరిపోయేదిగా అండీ?" అన్నాడు మా ఓనరు.

"వేశాను. మొహం పూరీలా పొంగింది. ఆసుపత్రిలో రెండ్రోజులున్నాడు. డాక్టరుగారు రంగు డబ్బా మూత కూడా తియ్యొద్దన్నారు."

కొడుకు అప్పుడు నోరు విప్పాడు. "ఎందుకమ్మా ఇదంతా? రేపు వాళ్ళు నన్ను చూడరా? ఉన్నదున్నట్టు పంపిద్దాం."

"ఉన్నదున్నట్టు పంపే కదరా మూడు పోగొట్టుకున్నాం! నువ్వు మాట్లాడకు. ముందు ఇంట్లోకి రానిస్తే, మనిషిని చూసి వాళ్ళే ఒప్పుకుంటారు."

అతను వెళ్ళి నీలం గుడ్డ ముందు స్టూల్ మీద కూర్చుని, పన్ను పీకించుకునేవాడిలా లెన్స్‌లోకి చూశాడు. ప్రింటు తీసి స్కాన్ చేసి నాకిచ్చారు.

నల్లగా చెయ్యడం గంట పని అనుకున్నాను. జుట్టు చుట్టూ గీత గీసి లోపల నలుపు నింపేశాను. మనిషిని కత్తిరించి గోదావరి ముందు పెట్టి చూస్తే, తల మీద తారు పోసి రోలరు తొక్కించినట్టుంది. జుట్టులో ఒక్క పాయ లేదు. అంచు కత్తెరతో కోసినట్టు పదునుగా ఉంది. దానికితోడు అంచు వెంబడి స్టూడియో గుడ్డ నీలం వెంట్రుకంత మందాన మిగిలిపోయింది. వెనక గోదావరంతా నారింజ రంగులో వెలుగుతుంటే, ఈయన తల ఒక్కటే కరెంటు పోయిన ఇల్లులా ఉంది.

ఓనరు టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు. "పెళ్ళికొడుకా, విగ్గుల షాపు బొమ్మా?"

"నల్లగా చెయ్యమన్నారుగా అండీ."

"నల్లజుట్టు నల్లగా ఉంటుందని ఎవడు చెప్పాడ్రా నీకు? పోయి అద్దంలో చూసుకో."

చూసుకున్నాను. నిజమే. నలుపు ఉన్నది నీడల్లోనే. మిగతాదంతా ముదురు గోధుమ రంగు, పైన దీపం పడ్డచోట తళుకు. నలుపు తీసేసి, కాఫీ డికాషన్ లాంటి ముదురు రంగు తీసుకుని వేరే పొర మీద వేశాను. ఆ పొరని మల్టిప్లయ్‌లో పెడితే కింద ఉన్న అసలు జుట్టు గీతలు పైకి కనిపిస్తాయి. అప్పటికి పాయలు వచ్చాయి. అంచుని తెర మీద రెండు చుక్కల మేర లోపలికి కోసి నీలం వదిలించాను. అయినా తల బాక్‌డ్రాపుతో కలవలేదు. అతికించినట్టే ఉంది.

"వెనక వెలుగివ్వు, గ్లో ఇవ్వు, కలుస్తుంది" అని ఓనరు పెళ్ళి ఆర్డరుకి వెళ్ళిపోయాడు.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. మా స్టూడియోకి సగం పని పోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చెయ్యడం. పదకొండో రోజుకల్లా పటం సిద్ధంగా ఉండాలి. అందులో తల వెనక గుండ్రంగా తెల్లటి వెలుగు ఉండాలి, అది లేకపోతే పటంలా లేదంటారు. ప్రతిసారీ కొత్తగా చెయ్యలేక ఆ వెలుగుని ఒక ఫైలుగా దాచుకున్నాను. గ్లో అనగానే నా చెయ్యి అలవాటుగా ఆ ఫైలు మీదికే పోయింది. తెచ్చి పెళ్ళికొడుకు తల వెనక పెట్టాను. నా కంటికి బాగానే ఉంది. ఆ కంటికి నాలుగేళ్ళుగా అదే అలవాటు మరి.

బుధవారం తల్లి ఒక్కతే వచ్చింది. తెర మీద చూపించాను. చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాగా నచ్చి ఏడుస్తోందనుకున్నాను.

"నా కొడుకుని పటం చేసేశావేంటయ్యా!" అంది. "దండ ఒక్కటే తక్కువ! ఇది పంపిస్తే పెళ్ళిచూపులకి కాదు, పలకరింపులకి వస్తారు వాళ్ళు!"

ముందు గదిలో పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్న ఇద్దరు లేచి వచ్చి తెర చూశారు. ఒకాయన చెప్పులు విప్పబోయాడని తర్వాత అందరికీ చెప్పుకున్నాను గానీ, నిజానికి ఆయన, "అయ్యో, చిన్న వయసే" అని మాత్రమే అన్నాడు. ఆ మాటతో తల్లి ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఓనరు వచ్చి ఆవిడకి సోడా తెప్పించి, రేపు మధ్యాహ్నానికి ఇస్తామని మాటిచ్చి నా దగ్గరికి వచ్చాడు. తిట్టలేదు. "సాయంత్రం గట్టు మీద గేదె ఎదురొస్తుంటే ఎప్పుడైనా చూశావా?" అన్నాడు.

"చూశానండి."

"సూర్యుడు దాని వెనకుంటాడు. గేదె నల్లగానే ఉంటుంది. కానీ చెవుల మీద బొచ్చు?"

"మెరుస్తుందండి."

"రెండు చెవులా?"

ఆలోచించాను. "సూర్యుడు ఏ పక్కన ఉంటే ఆ పక్కదండి."

"అదే రిమ్ లైట్. అంచున, వెలుగొచ్చే పక్కనే. నువ్వు తల వెనక గుండ్రంగా దీపం పెట్టావు. అది మనిషి నుంచి వచ్చే వెలుగు, దేవుళ్ళకీ పోయినవాళ్ళకీ. మనకి కావల్సింది మనిషి మీద పడే వెలుగు."

ఆ సాయంత్రం రేవుకి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. రాజమండ్రిలో పొద్దు గోదావరి అవతలే గుంకుతుంది. స్నానం చేసి మెట్లెక్కి వచ్చే వాళ్ళందరూ సూర్యుణ్ణి వెనకేసుకునే వస్తారు. తలలు గమనించాను. వెలుగు గీత గీసినట్టు ఒకేలా ఉండదు. విడివిడిగా లేచిన వెంట్రుకలకే ముందు అంటుకుంటుంది. ఒకచోట మందంగా, ఒకచోట అసలు లేకుండా, చెవి దగ్గర మళ్ళీ కొంచెం. తల లోపలికి వచ్చేకొద్దీ చల్లారిపోతుంది. నేను మరీ అంత శ్రద్ధగా చూస్తుండేసరికి ఒకావిడ కొంగు కప్పుకుని, "ఏం కావాలి నీకు?" అంది. "ఎండ కావాలండి" అన్నాను. ఆవిడ మొగుణ్ణి పిలిచేలోపు లేచి వచ్చేశాను.

గురువారం పొద్దున్నే కూర్చున్నాను. గుండ్రటి వెలుగు చెరిపేశాను. కొత్త పొర తెరిచి స్క్రీన్‌లో పెట్టాను. ఆ మోడులో వేసిన రంగు కింది దాన్ని వెలిగిస్తుందే తప్ప ముదురు చెయ్యదు. రెండు చుక్కల మందం బ్రష్షుతో ఎడమ అంచున ఒక్కొక్క వెంట్రుకా లాగాను, లోపలి నుంచి బయటికి, చివర సన్నబడేలా. కొన్ని అంచు దాటి ఆకాశంలోకి పోనిచ్చాను. అప్పుడు కత్తెర కోత మాయమైంది. ఆ పొరకి ఇంకో కాపీ తీసి, దాన్ని బాగా మసకబరిచి, ఇరవై శాతానికి తగ్గించాను. ఉందా లేదా అన్నట్టుండే గ్లో అది. కుడివైపు ఏమీ ముట్టుకోలేదు. కంప్యూటర్ ప్రతి గీతకీ ఊపిరి పీల్చుకుంటూ పని చేసింది.

పన్నెండుకి తల్లి వచ్చింది. ఈసారి కొంగు ముందే నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. చూసి, దగ్గరికి వంగి, తెర మీద వేలు పెట్టింది.

"తెల్లవెంట్రుకలు తియ్యమని ఇస్తే మళ్ళీ నువ్వే పెట్టావేంటి బాబూ?"

"అవి వెంట్రుకలు కావండి. ఎండండి."

"ఎండైతే మాత్రం తెల్లగానే ఉందిగా? జంగారెడ్డిగూడెంలో నువ్వు పక్కన నిలబడి చెప్తావా, ఎండని?"

ఎండ పొర ఆర్పి చూపించాను. తల మళ్ళీ అతికించినట్టైంది. వెలిగించాను. మనిషి గోదావరి ఒడ్డుకి వచ్చాడు.

"ఏదీ, మళ్ళీ ఆర్పు" అంది. ఆర్పాను. "వెలిగించు." వెలిగించాను. అలా నాలుగుసార్లు చేయించింది. "బాగానే ఉంది గానీ, తెలుపు తెలుపే" అంది.

ఆవిడ మాటలో నిజముంది. నేను అచ్చ తెలుపు వాడాను. పొద్దుగుంకే వేళ తెల్లటి ఎండ ఎక్కడుంటుంది? సూర్యుడి పక్కన ఆకాశంలోంచి రంగు ఎత్తుకున్నాను, పండిన బొప్పాయి తొక్క రంగు. వెంట్రుకలన్నిటికీ అదే ఇచ్చాను. అంతే, జుట్టూ ఆకాశమూ ఒకే సాయంత్రంలోకి వచ్చేశాయి.

"వాడు ఇలా పుట్టాల్సింది" అంది తల్లి.

ప్రింట్లు తీసి, వెనక స్టూడియో స్టాంపు గుద్ది ఇచ్చాను. మా దగ్గర ప్రతి ఫోటో వెనకా అడ్రసు స్టాంపు పడాల్సిందే. సంబంధానికి పంపే ఫోటోకి గుద్దొచ్చా లేదా అని ఎవరూ ఆలోచించలేదు.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు బట్టల సంచులతో స్టూడియోలోకి వచ్చారు. ఒకామె పాతికేళ్ళ పిల్ల, రెండో ఆవిడ ఆమె వదిన. పిల్ల సంచిలోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. నా సాయంత్రం నన్నే చూస్తోంది.

"ఇది ఇక్కడ తీసిందేనా అండీ?"

ఓనరు లేడు. నాకు నోరు ఉంది. "ఇక్కడ కాదండి, గోదారి ఒడ్డునే తీశాం. ఆయన్ని గట్టున నిలబెట్టి, నేను పీకల్లోతు నీళ్ళలో దిగి..." అని మొదలుపెట్టాను. లుంగీ దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆపింది.

"జుట్టు మీద పడ్డ ఎండ చొక్కా మీద పడలేదేంటండీ?"

ఫోటో లాక్కుని చూశాను. తెల్లచొక్కా. భుజం తలకి జానెడు దూరంలో ఉంది, అదే ఎడమవైపు. దాని మీద ఒక్క నారింజ చుక్క లేదు. చెవి మీదా లేదు. మూడు రోజులు జుట్టు ఒక్కటే చూశాను గానీ, జుట్టు కింద మనిషున్న సంగతి మర్చిపోయాను.

"మేఘం అడ్డొచ్చిందండి" అన్నాను.

"తల వదిలేసి భుజానికి అడ్డొచ్చిందా?" అంది వదిన. "మా ఆడపడుచు పొగాకు గ్రేడు చూస్తుందండీ. ఆకు కాల్చే బారన్ దగ్గర కుప్పలో ఒక్క ఆకు రంగు తేడాగా ఉన్నా లాగేస్తుంది. మీ మేఘాలు ఇక్కడ కుదరవు."

పిల్ల నవ్వలేదు. "ఏం మార్చారో చెప్పండి. ఎల్లుండి వాళ్ళు మా ఇంటికొస్తున్నారు. మా నాన్నకి ఈ సంబంధం బాగా నచ్చింది. నేను అక్కడ కూర్చున్నాక తెలిస్తే అందరి ముందూ ఏం చెప్పను?"

నా దగ్గర ఇంకో రెండు కథలు సిద్ధంగా ఉన్నాయి. గుడ్డిగా నమ్మేవాళ్ళకి చెబితే సరదాగా ఉంటుంది. ఆమె నమ్మడానికి రాలేదు, తేల్చుకోవడానికి వచ్చింది. లోపలికి రమ్మని ఫైలు తెరిచాను. గ్లో ఆర్పాను. ఎండ ఆర్పాను. గోదావరి ఆర్పాను, నీలం గుడ్డ వచ్చింది. చివరికి డికాషన్ రంగు ఆర్పాను.

వదిన, "అమ్మో!" అంది.

పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎన్నేళ్ళు?"

"ముప్పై ఒకటేనండి. అందులో అబద్ధం లేదు. బాలనెరుపు. రంగు పడదు ఆయనకి, ఆసుపత్రి పాలయ్యారు."

"ఇంకేం మార్చారు?"

"ఏం లేదండి. మొహం ఆయనదే. పుట్టుమచ్చ కూడా ఆయనదే."

"ఇలా చెయ్యమన్నది ఆయనేనా?"

ఆమెకి అసలు కావల్సింది ఆ జవాబని అర్థమైంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఉన్నదున్నట్టు పంపిద్దామని అతనన్నది, తల్లి నోరు మూయించింది, అతను స్టూలు మీద కూర్చున్న తీరు. ఏదీ పెంచలేదు. నా జన్మలో అంత పొట్టిగా చెప్పిన కథ ఇంకోటి లేదు.

"ఇది ఒక ప్రింటు తీసివ్వండి" అంది, నీలం గుడ్డ ముందున్న తెల్లజుట్టు చూపించి. "మా నాన్నకి ముందే చూపించాలి."

వాళ్ళు వెళ్ళాక నాకు గుర్తొచ్చింది. ఎల్లుండి పెళ్ళిచూపులు. ఆ తల్లి ఊరుకునే రకం కాదు. ఫోటోతో సరిపోవాలని మళ్ళీ ఆ డబ్బా మూత తీస్తుంది. ఆర్డరు పుస్తకంలో వాళ్ళ షాపు నంబరుంటే ఫోన్ చేశాను. ఎత్తింది తల్లే.

"స్టూడియో నుంచండి. మీ అబ్బాయికి రంగు వెయ్యకండి."

"వెయ్యకపోతే ఎలా? ఫోటోలో నల్లగా ఉందిగా? కొంచెమే వేస్తాను, ముందు భాగానికి. పొంగేలోపు కాఫీ తాగి లేచొచ్చేస్తాం."

"అక్కర్లేదండి. అమ్మాయి వచ్చింది. అసలు ఫోటో చూసింది."

అవతల తిరుగుతున్న మోటారు చప్పుడుని మించి ఆవిడ గొంతు లేచింది. తర్వాత ఆవిడ అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. నా తల్లిదండ్రుల్ని, కంప్యూటరుని, గోదావరిని వరసపెట్టి తిట్టింది. "నాలుగోది కూడా పోగొట్టావు కదయ్యా!" అంటుండగా కొడుకు ఫోన్ లాక్కున్నాడు.

"ఏమందండీ ఆమె?" అన్నాడు మెల్లగా.

"మీరే చేయించారా అని అడిగిందండి. కాదన్నాను."

"తర్వాత?"

"తెల్లజుట్టుది ప్రింటు పట్టుకెళ్ళింది."

"పారెయ్యడానికి పట్టుకెళ్ళరుగా అండీ?" అన్నాడు. నాకు తెలియదన్నాను.

పెళ్ళిచూపులకి అతను తెల్లజుట్టు నున్నగా దువ్వుకునే వెళ్ళాడట. పిల్ల తండ్రి తలవంక రెండుసార్లు చూసి, పొలం గురించీ మోటార్ల గురించీ అడిగాడట. పిల్ల మాత్రం అతన్ని పక్కకి పిలిచి, "ఫోటో అలా పంపేటప్పుడు ఇంకాస్త గట్టిగా ఎందుకు వద్దనలేదు?" అని అడిగిందట. "మా అమ్మని మీరు చూశారుగా" అన్నాడట ఇతను. అప్పుడు నవ్విందట. ఇదంతా శుభలేఖ ఇవ్వడానికి వచ్చినప్పుడు అతనే చెప్పాడు. నేను కలిపింది ఏమీ లేదు.

శుభలేఖ ఓనరు చేతికిచ్చి, కాస్త ఇబ్బందిగా నిలబడ్డాడు. "పెళ్ళి ఫోటోలు మాత్రం అమ్మ వేరే స్టూడియోకి చెప్పిందండి. మిమ్మల్ని ఫోటో తియ్యకుండా ఉంటేనే భోజనానికి రమ్మంది."

వెళ్ళాను, కెమెరా లేకుండా. పెళ్ళికొడుకు తల వెనక ట్యూబులైట్లు వరసగా వెలుగుతున్నాయి, ఆ జుట్టు అంచంతా తెల్లగా మెరుస్తోంది. తల్లి నన్ను చూసి మొహం తిప్పుకుంది గానీ, రెండోసారి పూర్ణాలు వడ్డించేటప్పుడు నా విస్తరి వదిలిపెట్టలేదు.